తేరిన మందు

ఆ బజారులో గానుగ నడిపే అన్నదమ్ములను పేర్లతో పిలిచేవారు లేరు. పెద్దవాడు పెద్దగానుగ, చిన్నవాడు చిన్నగానుగ. పెద్దగానుగ నోట మాట రావడం కష్టం. చిన్నగానుగ కాసేపు మాట్లాడకపోతే కరెంటు పోయిందేమోనని పక్క కొట్లవాళ్లు తొంగి చూసేవారు. పెళ్లి చేసుకోకుండా అన్న ఇంట్లోనే ఉండిపోయాడు. వదినను నవ్వించడం, తిట్టించుకోవడం, నువ్వులు బేరం చేయడం అతని పనులు. గానుగ దగ్గర కూర్చోవడం, నూనె తేరేదాకా కాపలా కాయడం అన్న పని.

చిన్నగానుగకు ఎడమకన్ను పుట్టుకతోనే మసక. ఆ కంటికి ఎవరో వచ్చారని తెలుస్తుంది గాని ఎవరు వచ్చారో తెలియదు. యాభై ఏళ్లు దాటేదాకా అతను బతికిందంతా కుడికంటితోనే. నువ్వుకట్టె పొడుచుకున్నది ఆ కుడికంట్లోనే.

నువ్వుల బేరానికి వెళ్లినప్పుడు, రైతు కింద పరిచిన పరదా మీద ఎండిన కట్టలు దులుపుతుంటే గింజ ఎలా రాలుతుందో చూద్దామని వంగాడు. కట్ట విదిలించగానే ఒక కట్టె కొస సూదిలా వచ్చి తగిలింది. నీళ్లు కొట్టుకుని, కళ్లు నలుపుకుని, బేరం మాత్రం వదలకుండా ముగించుకుని ఇంటికి వచ్చాడు. కన్ను ఎర్రబడితే మందుల షాపువాడు చుక్కల సీసా ఇచ్చాడు. రెండు రోజులు ఎరుపు తగ్గింది. ఆ తర్వాత వెలుతురు చూడలేక తలకు తుండుగుడ్డ చుట్టుకుని మూల గదిలో పడుకున్నాడు. మాట్లాడటం మానేశాడు. అప్పుడు పెద్దగానుగ భయపడ్డాడు.

కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ వయసులో చిన్నది. చిన్నగానుగ గడ్డాన్ని మిషను మీద ఆనించి, కంట్లోకి సన్నని వెలుతురు పంపి చాలాసేపు చూసింది. చూస్తున్నంతసేపూ ఏమీ అనలేదు. తను మాట్లాడకపోతే ఎదుటివాళ్లకు ఎలా ఉంటుందో పెద్దగానుగకు ఆ పూటే తెలిసింది. తర్వాత కంటికి తిమ్మిరి చుక్కలు వేసి, నల్లగుడ్డు మీది పుండును కొంచెం గీకి, ఆ గీకినది గాజుపలక మీద రాసి పక్కగదిలోకి తీసుకెళ్లింది. తిరిగి వచ్చి స్టూలు దగ్గరకు లాక్కుని కూర్చుంది.

"ఎండు కట్టెల మీద బూజు ఉంటుంది పెద్దాయనా. కంటికి కనపడదు. గీసుకున్నప్పుడు అది లోపలికి పోయింది. నల్లగుడ్డు పైన అద్దంలాంటి పొర ఉంటుంది చూశారా, అందులో పోగులు పోగులుగా పాకుతోంది. ఇంతకుముందు ఏం మందు వేశారు?"

పెద్దగానుగ జేబులోంచి షాపువాడి సీసా తీసి ఇచ్చాడు. ఆమె చదివి చెత్తబుట్టలో వేసింది.

"ఇందులో స్టెరాయిడ్ ఉంది. ఎరుపు తగ్గిస్తుంది, దానితోపాటు బూజును ఎదిరించే శక్తినీ తగ్గిస్తుంది. ఇక దీన్ని ముట్టుకోవద్దు. నాటమైసిన్ అని ఈ చుక్కలు రాస్తున్నాను. పగలంతా గంటకోసారి. రాత్రి రెండు గంటలకోసారి నిద్ర లేపి మరీ వెయ్యాలి. ఇంకో సీసా కంటిపాప విచ్చుకోవడానికి, అది మూడు పూటలు. రెండింటికీ మధ్య అయిదు నిమిషాలు ఆగండి. మూడో రోజు తీసుకురండి."

"చూపు?" అన్నాడు పెద్దగానుగ.

"ముందు పుండు ఆగాలి."

మందులిచ్చే కిటికీ దగ్గర సిస్టర్ సీసా చేతిలో పెడుతూ, "బాగా ఊపి వెయ్యండి బాబాయ్" అంది. అతను తల ఊపాడు. విన్నాడు కూడా.

ఇంటికి వచ్చి మొదటిసారి అలాగే ఊపి వేశాడు. చుక్క పాలలా పడింది. తమ్ముడు కాళ్లు ముడుచుకుని, "ఇసక పోసినట్టుంది అన్నయ్యా, మండుతోంది" అన్నాడు. పెద్దగానుగ సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు. కాసేపట్లో తెలుపు అడుగుకు దిగి, పైన నీళ్లలాంటి తేట తేలింది. అది చూసేసరికి అతని మనసు కుదుటపడింది. నలభై ఏళ్లుగా అతను చేస్తున్నది అదే. గానుగలోంచి వచ్చిన నూనెను పీపాలో పోస్తే మడ్డి అడుగున చేరేదాకా ఆ పీపాను ఎవరూ తాకకూడదు. దాని పక్కన భార్య చీపురు గట్టిగా ఆడించినా అతను చూసే చూపు ఒకటుండేది. మడ్డి కలిసిన నూనె దీపంలో పోసినా పొగ వస్తుంది. అలాంటిది పుండైన కంట్లోకి మడ్డి ఎలా పోస్తారు?

సీసాను ఒక చిన్న గ్లాసులో నిలబెట్టి అలమరలో పెట్టాడు. వేళకు తీసి, నూనె వంచినట్టు మెల్లగా పక్కకు వాల్చి, కదలకుండా తేటచుక్క వేశాడు. తమ్ముడికి మండలేదు.

"నీ చేతిలో ఏదో ఉంది అన్నయ్యా" అన్నాడు చిన్నగానుగ. "డాక్టరమ్మ కంటే నువ్వే నయం."

"నోరు మూసుకుని కన్ను తెరువు" అంది వదిన. "నీకెప్పుడూ రెండూ తిరగేసే అలవాటు."

అలా మూడు రోజులు. ఒక్క వేళ తప్పలేదు. పెద్దగానుగ కుర్చీలోనే కునికాడు, గానుగ ముట్టుకోలేదు. తప్పకుండా వేస్తున్నాను కదా అన్న ధైర్యం ఒక్కటే అతన్ని నిలబెట్టింది. అయినా తమ్ముడి మూలుగు తగ్గలేదు. మూడో రోజు పొద్దున రెప్ప ఎత్తి చూస్తే నల్లగుడ్డు మీది తెల్లమచ్చ పెద్దదైనట్టు అనిపించింది. తన కళ్లే అలిసిపోయాయేమో అనుకున్నాడు. భార్యను పిలిచి చూపించలేదు. చూపిస్తే ఆమె కూడా అవునంటుందని భయం.

డాక్టరమ్మ మిషనులోంచి తల ఎత్తి అతని వైపు తిరిగింది.

"మందు వేస్తున్నారా?"

"వేస్తున్నాను."

"గంటకోసారి?"

"వేస్తున్నానమ్మా."

"గడియారమైనా ఎప్పుడో ఆగుతుంది గాని మా అన్నయ్య ఆగడు డాక్టరమ్మా" అన్నాడు చిన్నగానుగ, గడ్డం మిషను మీదే ఉంచి. "కలలో కూడా వచ్చి వేసిపోతున్నాడు."

ఆమె నవ్వలేదు. "ఈ మందు వేస్తే పుండు మీదా, రెప్పల మూలల్లోనూ సున్నంలా తెల్లగా అంటుకుని ఉండాలి. ఇక్కడ ఆ జాడే లేదు. పుండు చుట్టూ కొత్త చుక్కలు లేచాయి. కంటి లోపల అడుగున చీము గీత కట్టింది. నిజం చెప్పండి, నేనేమీ అనను."

పెద్దగానుగకు చెవులు వేడెక్కాయి. దొంగతనం మోపినట్టు అనిపించింది. జేబులోని సీసా మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"సరే, సీసా తెచ్చారు కదా. నా ముందే ఒక చుక్క వెయ్యండి" అందామె.

అతను చేతులు కడుక్కున్నాడు. చొక్కా జేబులో నిటారుగా నిలబెట్టి తెచ్చిన సీసాను రెండు వేళ్లతో తీశాడు. కుదుపు తగలకుండా మూత తిప్పాడు. తమ్ముడి కింది రెప్ప లాగి, సీసాను నిదానంగా వాల్చి, అద్దంలాంటి చుక్క ఒకటి వేశాడు. ఒలకలేదు, మొన రెప్పకు తగల్లేదు. బాగా వేశానని తనకే అనిపించింది.

తలుపు దగ్గర నిలబడ్డ సిస్టర్ అంది, "ఊపలేదేం బాబాయ్?"

"ఊపితే మడ్డి లేస్తుందమ్మా."

డాక్టరమ్మ సీసా తీసుకుని కిటికీ వైపు పట్టింది. అడుగున తెల్లటి ముద్ద గట్టిగా పేరుకుని ఉంది. పైన తేట సగానికి తగ్గింది.

"పెద్దాయనా, ఈ మందు నీళ్లలో కరగదు" అంది, పిల్లవాడికి చెప్పినంత మెల్లగా. "మీరు మడ్డి అన్నారే, అదే మందు. పైన తేరింది వట్టి నీళ్లకింద లెక్క. ఊపి, అంతా పాలలా కలిశాక వెయ్యాలి. ప్రతిసారీ."

పెద్దగానుగ గోడ పట్టుకున్నాడు. సిస్టర్ కుర్చీ జరిపింది గాని అతను కూర్చోలేదు.

"అయితే మూడు రోజులూ నాకు మొహం కడిగావన్నమాట" అన్నాడు చిన్నగానుగ. అని నవ్వబోయాడు. అన్న వైపు నుంచి ఏ చప్పుడూ రాకపోయేసరికి చెయ్యి చాచి గాలిలో వెతికాడు. "అన్నయ్యా, ఉన్నావా?"

"ఉన్నాను."

ఆ రోజే ఆసుపత్రిలో చేర్చుకున్నారు. మందు లోపలికి దిగడానికి వీలుగా డాక్టరమ్మ పుండు పైభాగాన్ని మళ్లీ గీకి శుభ్రం చేసింది. బయటకు వచ్చి దాచకుండా చెప్పింది. పుండు లోతుకు పోతే గుడ్డుకు చిల్లు పడుతుంది. అప్పుడు చనిపోయినవాళ్లు దానమిచ్చిన కంటిపొర తెచ్చి కుట్టాలి. బూజు ఇంత చురుగ్గా ఉన్నప్పుడు కుడితే అదీ పాడయ్యే అవకాశం ఎక్కువ. ఇకనుంచి చుక్కలు సిస్టర్లే వేస్తారు.

"మా అన్నయ్యే వెయ్యాలి" అన్నాడు చిన్నగానుగ మంచం మీంచి.

"నేను వెయ్యను" అన్నాడు పెద్దగానుగ.

"ఎందుకు వెయ్యవు?"

"వెయ్యను."

"ఇప్పుడు వెయ్యకపోతే నువ్వు నా మొహం చూడలేవు. నేనెలాగూ నీ మొహం చూడలేను. ఇద్దరం ఒక ఇంట్లో ఎలా ఉంటాం?"

డాక్టరమ్మ ఇద్దరినీ చూసింది. "సరే, సిస్టర్ పక్కన ఉన్నప్పుడు వెయ్యండి" అంది.

మళ్లీ మొదటి నుంచి గంటకోసారి. చేతులు కడగడం, సీసా ఊపడం, వెలుతురులో చూడటం, అడుగున ఏమీ మిగల్లేదని సిస్టర్‌తో అనిపించుకోవడం. సీసాతోపాటు అతని చెయ్యీ, భుజమూ, తలా అన్నీ ఊగేవి.

"బాబాయ్, ఊపమంది సీసాను" అనేది సిస్టర్. "నువ్వు ఊగితే మందు కలవదు."

చుక్క పడగానే చిన్నగానుగ పళ్లు కొరికేవాడు. ఆ మంట చూస్తేనే పెద్దగానుగకు కొంచెం ఊపిరి ఆడేది. రెప్పల మూలల్లో తెల్లటి పొడి కట్టింది. దాన్ని గుడ్డతో తుడవబోతే సిస్టర్ చెయ్యి పట్టుకుని ఆపింది.

మొదటి రెండు రోజులూ ఏ మార్పూ లేదు. డాక్టరమ్మ వచ్చి చూసి, "పెరగలేదు" అని వెళ్లేది. పెరగలేదంటే తగ్గినట్టా కాదా అని అడగడానికి పెద్దగానుగకు నోరు రాలేదు. వరండాలో చివరిదాకా నడిచి వచ్చేవాడు. ఎదుటి మంచం మీది మనిషిని ఆపరేషనుకు తీసుకుపోతుంటే మొహం గోడకు తిప్పుకున్నాడు. తమ్ముడు కూడా రాత్రుళ్లు నిద్రపోయినట్టు నటిస్తున్నాడని అతనికి తెలుసు. నిద్రలో కూడా వాగే మనిషి కదా.

ఆ తర్వాత ఒక పొద్దున ఆమె మిషనులోంచి తల ఎత్తకుండానే, "చీము గీత సన్నబడింది" అంది. తర్వాత అది పోయింది. పుండు అంచులు మొద్దుబారాయి. చుట్టూ లేచిన చుక్కలు ఆరిపోయాయి. మెలకువగా ఉన్నప్పుడు రెండు గంటలకోసారి వేస్తే చాలని ఇంటికి పంపింది. పంపే ముందు పెద్దగానుగను ఒక్కడినే పిలిచింది.

"ఇప్పుడు చెప్పేది మరింత జాగ్రత్తగా వినండి. ఇంకొన్నాళ్లలో పైన పొర మూసుకుంటుంది. ఎరుపు పోయి కన్ను తెల్లబడుతుంది, నొప్పి ఉండదు. అందరూ అక్కడే మందు ఆపేస్తారు. కింద బూజు బతికే ఉంటుంది. మొత్తం మూడు వారాలకు తక్కువ వెయ్యడానికి లేదు. పొర మూసుకున్నాక కూడా ఇంచుమించు రెండు వారాలు వెయ్యాలి. ఎప్పుడెంత తగ్గించాలో, ఎప్పుడు ఆపాలో చూసి నేను చెబుతాను. మీరు ఆపకూడదు, మీ తమ్ముడు ఆపకూడదు. తొందరగా మానుతుందని ఎక్కువసార్లు వెయ్యనూ కూడదు. మందు ఎక్కువైనా పైపొర మానదు."

అన్నీ ఆమె చెప్పినట్టే జరిగాయి. కన్ను తెల్లబడింది, నొప్పి పోయింది. చిన్నగానుగ కొట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్లతో మాటలు కలిపాడు. "బాగా కనిపిస్తోందా?" అని ఎవరడిగినా, "నీ అప్పు కూడా కనిపిస్తోంది" అనేవాడు. చుక్కల వేళకు మాత్రం ఏదో ఒక మూలకు జారుకునేవాడు. ఒకసారి బస్తాల వెనక, ఒకసారి పక్క కొట్లో. పెద్దగానుగ సీసా పట్టుకుని వెంట తిరిగేవాడు. అయినా కొన్ని వేళలు తప్పేవి.

"బాగైపోయిన కంటికి మందేమిటి అన్నయ్యా. ఒళ్లు బాగున్నవాడికి జ్వరం బిళ్ల వేస్తారా?"

"ఆమె చెప్పాలి."

"ఆమె చెబుతూనే ఉంటుంది. నాకు విసుగొచ్చింది."

వదిన కూడా ఒక పూట మరిది పక్షం తీసుకుంది. "కన్ను తెల్లగానే ఉంది కదండీ, మీరు మరీ భయపడుతున్నారు" అంది. పెద్దగానుగ సీసా ఊపుతూనే ఉన్నాడు. అవును, భయపడుతున్నాడు. అతనికి మిగిలిన పని అదొక్కటే.

ఆ మధ్యాహ్నం వదిన చేటలో నువ్వులు పోసి రాళ్లు ఏరమని మరిది ముందు పెట్టింది. పెద్దగానుగ సీసా తీసుకుని వెతుక్కుంటూ వచ్చి వసారా గుమ్మంలో ఆగిపోయాడు. చిన్నగానుగ ఏరుతున్నాడు. వేళ్లు గింజల్లో కదులుతున్నాయి. ఒక రాయి తగలగానే తీసి పక్కన వేశాడు, మళ్లీ వేళ్లతో తడిమాడు. రెండు కళ్లూ మూసుకునే ఉన్నాడు.

పెద్దగానుగ వెళ్లి అతని ఎదురుగా కూర్చున్నాడు.

"కళ్లు తెరువు."

తెరిచాడు.

"నేను ఏ చొక్కా వేసుకున్నాను?"

"అదే. ఎప్పుడూ వేసుకునేదే."

"రంగు చెప్పు."

చిన్నగానుగ చేటను పక్కకు నెట్టాడు. "పొగ అన్నయ్యా. అంతా పొగ. నువ్వు కూర్చున్నావని తెలుస్తోంది."

"ఎప్పటి నుంచి?"

"ఎప్పటి నుంచేమిటి, అది పోలేదసలు."

"మరి కనిపిస్తోందన్నావు."

"లేదంటే నువ్వేమవుతావో తెలుసు కాబట్టి అన్నాను." చిన్నగానుగ నేలకేసి చూస్తూ మాట్లాడాడు. "రోజుకు ఇన్నిసార్లు నువ్వు చేతులు కడుక్కుని రావడం, నేను మొహం ఎత్తడం. ఎత్తినప్పుడల్లా ఇప్పుడైనా తేటపడిందేమోనని చూసుకోవడం. పడదు. నాకు ధైర్యం చాలడం లేదు. రాని చూపుకు చుక్కలెందుకు? వదిలేస్తే ఒక్కసారే అలవాటు పడిపోతాను."

పెద్దగానుగ చేతిలో సీసా ఉంది. ఇంత మాట తను ఏనాడూ ఆడింది లేదు. అయినా మొదలుపెట్టాడు.

"చూపు వస్తుందో రాదో నాకు తెలియదు. ఆవిడా చెప్పలేదు. పుండు మానితే మచ్చ ఉంటుంది, ఆ మచ్చ పలచబడటానికి నెలలు పట్టొచ్చని మాత్రం ఇంటికి పంపేటప్పుడు నాతో అంది. నీకు చెప్పలేదు. చెబితే, ఇంతేనా అంటావని భయమేసింది. నువ్వు పొగ సంగతి దాచావు, నేను మచ్చ సంగతి దాచాను. సరిపోయింది. కానీ ఒకటి. పొగ వేరు, బూజు వేరు. పొగ ఉందని మందు ఆపితే బూజు లేస్తుంది. అప్పుడు పొగ కూడా ఉండదు, గుడ్డే ఉండదు. మూడు రోజులు నీ కంట్లో నీళ్లు పోసింది నేను. ఆ మచ్చలో ఎంత కట్టె చేసిందో, ఎంత నేను చేశానో ఎవరికీ తెలియదు. నువ్వు నన్ను తిట్టు. రోజూ తిట్టు. మొహం మాత్రం ఎత్తు."

లోపల గిన్నె కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది. వదిన వింటోంది.

చిన్నగానుగ మొహం ఎత్తాడు. "తిట్లు రేపటి నుంచి" అన్నాడు. "ఇవాళ నీ ఉపన్యాసంతోనే అలిసిపోయాను."

మర్నాడు ఉన్నది ఉన్నట్టు డాక్టరమ్మతో చెప్పారు. ఆమె కంటికి రంగుచుక్క వేసి నీలివెలుతురులో చూసింది. పైపొర పూర్తిగా మూసుకుంది, ఎక్కడా రంగు పట్టలేదు. కానీ లోపల ఒక మూల ఇంకా కొంచెం మబ్బు ఉందనీ, అది మచ్చో బూజో ఇప్పుడే చెప్పలేననీ అంది. మధ్యలో ఎగ్గొట్టిన చుక్కల సంగతి విని ఆమె మొహం మారింది. రోజుకు ఆరుసార్లు వెయ్యమనీ, వారం తిరగ్గానే రమ్మనీ చెప్పింది. ఆ వారమంతా చిన్నగానుగ వేళకు ముందే వచ్చి కుర్చీలో కూర్చునేవాడు.

వారం తర్వాత ఆ మబ్బు అంచులు గట్టిపడి, మచ్చగా తేలింది. ఇంకొక వారం వేసి చూపించుకున్నాక, "ఇక ఆపండి" అంది డాక్టరమ్మ. "ఎరుపు వచ్చినా, నొప్పి వచ్చినా, వెలుతురు చూడలేకపోయినా ఆ రోజే రండి. షాపుకు వెళ్లకండి. మచ్చ పలచబడినంత పలచబడనిచ్చి అద్దాలు చూద్దాం. అప్పటికీ చాలకపోతే పొర మార్చే సంగతి ఆలోచిద్దాం. కన్ను ప్రశాంతంగా ఉంది కాబట్టి ఇప్పుడు ఆ మాట అనగలుగుతున్నాను."

మందు ఆపిన మర్నాడు పెద్దగానుగ తెల్లవారుతూనే లేచాడు. చెయ్యడానికి పనేమీ లేదు. తమ్ముడిని తీసుకొచ్చి వాకిట్లో వెలుతురుకు నిలబెట్టి, బొటనవేలితో కింది రెప్ప లాగి, ఎర్రజీర ఎక్కడైనా ఉందేమోనని వెతికాడు. ఆ మర్నాడూ అంతే. గానుగ మొదలుపెట్టాక కూడా మధ్యలో లేచి వచ్చి చూసి వెళ్లేవాడు. ఎరుపు రాలేదు. రాలేదని నమ్మడానికి అతనికి ధైర్యం చాలలేదు.

ఒక ఉదయం అలా చూస్తుంటే చిన్నగానుగ కదలకుండా నిలబడ్డాడు.

"ఏం వెతుకుతున్నావు అన్నయ్యా?"

"ఎరుపు."

"ఉందా?"

"లేదు."

చిన్నగానుగ అరచేత్తో ఎడమకన్ను మూసుకుని, మొహం ఇంకా దగ్గరకు తెచ్చాడు. అతని ఊపిరి అన్న చెంపకు తగిలింది.

"పొగలోనే ఉన్నావు గాని, ముక్కు తెలుస్తోంది" అన్నాడు. "గడ్డం కూడా తెలుస్తోంది. ఎన్నాళ్లయింది గీసుకుని?"